ఆఫర్ లెటర్ కంటే ముందు అడగాల్సిన కాగితం

క్యాంపస్‌కు వస్తామని ఒక కంపెనీ మెయిల్ పెడుతుంది. పదేళ్ల అనుభవం, యాభైమందికి ఉద్యోగాలు అంటుంది. తేదీ ఖాయం చేసేముందు ప్లేస్‌మెంట్ ఆఫీసర్ మర్యాదగా ఒక లేఖ రాస్తారు: ‘మీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ప్రతులు పంపగలరు. అవి అందాకే డ్రైవ్ తేదీ ఖరారు చేస్తాం.’

సర్టిఫికెట్‌లో 21 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఐఎన్ ఉంటుంది. దాని మధ్యలోని నాలుగంకెలు కంపెనీ నమోదైన సంవత్సరం. పదేళ్ల అనుభవమన్న చోట 2024 కనిపిస్తే వివరణ అడగాల్సిందే. పాత భాగస్వామ్య సంస్థే కంపెనీగా మారి ఉండవచ్చు, అప్పుడు ఆ కాగితాలూ చూపిస్తారు. ఆ నంబరును కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొడితే పేరు, చిరునామా, కంపెనీ నడుస్తోందో లేదో తెలుస్తాయి. ‘స్ట్రైక్ ఆఫ్’ అని ఉంటే రిజిస్టర్ నుంచి పేరు కొట్టేసినట్టే.

అసలు చట్టప్రకారం కంపెనీ లెటర్‌హెడ్‌పైనే సీఐఎన్ ఉండాలి. లేకపోతే అక్కడే అనుమానం మొదలవ్వాలి.

అయితే రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన ఉద్యోగాలు ఉన్నట్టు కాదు. పక్కాగా నమోదైన కంపెనీ కూడా ‘ట్రైనింగ్ డిపాజిట్’ అడగొచ్చు. అందుకే అనుభవమున్న ఆఫీసర్లు లేఖ చివర ఇంకో వాక్యం చేరుస్తారు: ‘విద్యార్థుల నుంచి ఏ రూపంలోనూ డబ్బు వసూలు చేయబోమని రాతపూర్వకంగా తెలియజేయండి.’