చదివిందే, కానీ గుర్తుకు రాదు

ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్ పరీక్ష. డాప్లర్ ప్రభావం మీద ఎనిమిది మార్కుల ప్రశ్న. నిన్న రాత్రి నాలుగుసార్లు చదివిన జవాబే. నోట్సులో బొమ్మ ఏ పక్కన ఉందో కూడా గుర్తుంది, మొదటి వాక్యం మాత్రం రాదు. అరచేతులకు చెమట, గుండెదడ. పరీక్ష అయ్యాక మెట్లు దిగుతుంటే జవాబంతా వరసగా గుర్తొస్తుంది. ఇంటికెళితే "సరిగ్గా చదవలేదు" అంటారు. ఆ మాట అన్యాయం. చదివింది ఎక్కడికీ పోలేదు, కావాల్సిన క్షణంలో అందలేదంతే.

భయపడగానే అడ్రినలిన్ క్షణాల్లో గుండె వేగం పెంచుతుంది. తర్వాత మెల్లగా కార్టిసాల్ పెరుగుతుంది. జ్ఞాపకాలను వెతికి తెచ్చే హిప్పోక్యాంపస్ మీద దాని ప్రభావం పడుతుంది. పైగా "ఫెయిలైతే ఎలా?" అన్న ఆలోచన, లెక్క చేయడానికి వాడాల్సిన తాత్కాలిక జ్ఞాపకంలో చోటు ఆక్రమిస్తుంది. కొద్దిపాటి కంగారు మంచిదే, చురుకు పుట్టిస్తుంది. మితిమీరితేనే ఇబ్బంది.

దీనికి మందు పరీక్ష హాల్లో కన్నా చదివే గదిలోనే ఎక్కువ ఉంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు పదాలు, బొమ్మల జాబితాను మళ్లీమళ్లీ చదివారు, మరికొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుంటూ సాధన చేశారు. మర్నాడు ఒత్తిడికి గురిచేసి పరీక్షిస్తే, చదివినవాళ్ల జ్ఞాపకం తగ్గింది, గుర్తు తెచ్చుకున్నవాళ్లది నిలబడింది.

అందుకే డాప్లర్ పాఠం ఒకసారి చదివాక పుస్తకం మూసేయాలి. తెల్లకాగితం మీద బొమ్మ, సూత్రం, మెట్లు గుర్తున్నంత వరకూ రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చాలి. మర్నాడు, మూడు రోజుల తర్వాత మళ్లీ అదే పని. మొదటిసారి సగం కూడా రాకపోవచ్చు. నోట్సు చూస్తే అన్నీ తెలిసినట్టే ఉండి, కాగితం ఖాళీగా మిగిలితే, మనకున్నది పరిచయమే, పట్టు కాదు. ఈ తేడా పరీక్షకు ముందే తెలియడం ఎంతో మేలు.

ఇంత చేసినా హాల్లో ఆగిపోతే పెన్ను పక్కన పెట్టాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెల వరకు నెమ్మదిగా వదలాలి. ఇలా రెండు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. తల తిరిగితే ఆపేయాలి. దీన్ని ఇంట్లో రోజూ అలవాటు చేసుకోవాలి. మొదటిసారి హాల్లోనే చేస్తే పెద్దగా పనిచేయదు. తర్వాత ఆ జవాబుకు చోటు వదిలి, బాగా వచ్చిన ప్రశ్నకు వెళ్లాలి. తిరిగొచ్చాక ముందు బొమ్మ గీయాలి. దాని వెంట మాటలు రావచ్చు.

ఈ చిట్కాలకు హద్దుంది. రాత్రుళ్లు నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదని పిల్లలు అంటుంటే అది చదువు సమస్య కాదు. వెంటనే డాక్టరుకు చూపించాలి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.