ఇరవై శాతం రాబడి ఎక్కడి నుంచి వస్తోంది?

షేర్లు కొనేవాళ్లు యాప్ తెరవగానే చూసే అంకెల్లో ఆర్‌ఓఈ ఒకటి. పూర్తి పేరు రిటర్న్ ఆన్ ఈక్విటీ. వాటాదారులు కంపెనీలో పెట్టిన సొమ్ము, ఏటా పంచకుండా కంపెనీలోనే ఉంచిన లాభాలు కలిపితే ఈక్విటీ. దాని మీద ఏడాదికి ఎంత నికర లాభం వచ్చిందో చెప్పేదే ఆర్‌ఓఈ. పదిహేను శాతం దాటితే మంచిదనీ, ఇరవై దాటితే చాలా మంచిదనీ ఒక లెక్క వాడుకలో ఉంది. ఆ లెక్క నమ్మి షేరు కొనేముందు ఆ ఇరవైని మూడు ముక్కలు చేసి చూడాలి.

ఒక బట్టల షాపు తీసుకుందాం. యజమాని సొంత డబ్బు 20 లక్షలు. బ్యాంకు అప్పు, టోకు వ్యాపారులకు బాకీ కలిపి మరో 20 లక్షలు. అంటే షాపులో సరుకు, ఫర్నిచరు, నగదు అన్నీ కలిపి 40 లక్షల ఆస్తి. ఏడాది అమ్మకాలు కోటి రూపాయలు. ఖర్చులు, వడ్డీ, పన్ను పోను మిగిలింది 4 లక్షలు. సొంత డబ్బు 20 లక్షల మీద 4 లక్షలంటే ఆర్‌ఓఈ 20 శాతం.

ఇప్పుడు విడదీద్దాం. వంద రూపాయల అమ్మకంలో మిగిలింది 4 రూపాయలు, ఇది మార్జిన్. 40 లక్షల ఆస్తితో కోటి రూపాయల అమ్మకాలు జరిగాయి కాబట్టి ఆస్తి ఏడాదికి రెండున్నర సార్లు తిరిగింది. ఇది అసెట్ టర్నోవర్. ఆస్తి సొంత డబ్బుకు రెండింతలుంది, ఇది లెవరేజ్. 4 శాతాన్ని 2.5తో, దాన్ని 2తో గుణిస్తే మళ్లీ 20 శాతమే వస్తుంది. మొదటి రెండూ వ్యాపారం ఎలా నడుస్తోందో చెబుతాయి. మూడోది ఎవరి డబ్బుతో నడుస్తోందో చెబుతుంది.

దీన్ని డ్యూపాంట్ పద్ధతి అంటారు. అమెరికాలో పేలుడు మందు తయారుచేసే డ్యూపాంట్ కంపెనీలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అనే ఉద్యోగి 1910ల్లో మార్జిన్‌నీ టర్నోవర్‌నీ గుణించి, పెట్టుబడి మీద రాబడిని లెక్కగట్టాడు. ఇంజినీరింగ్ చదివినవాడు. ఏ విభాగం రాబడి ఎందుకు తగ్గిందో తెలుసుకోవడం అతని అవసరం. లెవరేజ్ ముక్క ఆ తర్వాత చేరింది. నా దృష్టిలో షేరు కొనేవాడికి అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

అమెరికాకు చెందిన రెండు కంపెనీలను చూస్తే ఆ తేడా తెలుస్తుంది. కాస్ట్‌కో పేరు అక్కడ పిల్లలున్న తెలుగు ఇళ్లలో చాలామంది వినే ఉంటారు. 2023 ఆర్థిక సంవత్సరంలో దాని ఆర్‌ఓఈ దాదాపు 25 శాతం. మార్జిన్ మాత్రం 2.6 శాతమే. మరి పాతిక శాతం ఎలా వచ్చింది? ఆస్తి ఏడాదికి మూడున్నర సార్లు తిరిగింది, లెవరేజ్ 2.75. ఆ లెవరేజ్‌లో పెద్ద భాగం బ్యాంకు అప్పు కాదు. గోదాముల్లో సుమారు 1,665 కోట్ల డాలర్ల సరుకుంటే, సరఫరాదారులకు ఇవ్వాల్సిన బాకీ సుమారు 1,750 కోట్ల డాలర్లు. అంటే సరుకు కొనడానికి కావలసిన డబ్బు సరఫరాదారుల దగ్గరే ఉంది. వాళ్లకు కట్టాల్సిన గడువు వచ్చేలోపే సరుకు అమ్ముడైపోతోంది. ఈ బాకీకి వడ్డీ లేదు. సరుకు వేగంగా కదులుతున్నంత కాలం ఇబ్బందీ లేదు.

రెండో కంపెనీ లేమాన్ బ్రదర్స్. 2007 నవంబరుతో ముగిసిన ఏడాదికి దాని నికర లాభం 419 కోట్ల డాలర్లు, ఏడాది చివర ఈక్విటీ సుమారు 2,250 కోట్లు. ఆర్‌ఓఈ 18.6 శాతం. ముందు ఏడాది ఇదే పద్ధతిలో లెక్కిస్తే 20.9. కొంచెం తగ్గింది కానీ భయపడాల్సినంత తగ్గలేదని అప్పట్లో ఎవరైనా అనుకునే ఉంటారు.

ముక్కలు వేరే కథ చెబుతాయి. వడ్డీ పోను మిగిలిన ఆదాయంలో మార్జిన్ దాదాపు 22 శాతం. అది బాగానే ఉంది. ఆస్తులు మాత్రం ఒక్క ఏడాదిలో 50,350 కోట్ల డాలర్ల నుంచి 69,100 కోట్లకు ఉబ్బాయి. ఆదాయం ఆ స్థాయిలో పెరగలేదు. మార్జిన్‌నీ టర్నోవర్‌నీ గుణిస్తే వంద డాలర్ల ఆస్తి మీద 2006లో 80 సెంట్లు మిగిలితే, 2007లో మిగిలింది 61 సెంట్లే. అంటే అసలు వ్యాపారం సంపాదన నాలుగో వంతు పడిపోయింది. ఆ లోటును కప్పింది లెవరేజ్: 26 రెట్ల నుంచి దాదాపు 31 రెట్లకు ఎక్కింది. పాత లెవరేజ్‌తోనే ఉండి ఉంటే ఆర్‌ఓఈ 16 శాతం దగ్గర కనబడేది. ఇరవైకి నాలుగు శాతం దూరంలో ఉన్న కంపెనీని చూసి వాటాదారులు ప్రశ్నలు అడిగేవాళ్లేమో.

31 రెట్ల లెవరేజ్ అంటే ఏమిటో ఇంకోలా చూడండి. వంద రూపాయల ఆస్తి వెనక సొంత డబ్బు మూడు రూపాయల పావలా. ఆస్తుల విలువ అంతకు మించి పడితే వాటాదారులకు మిగిలేదేమీ ఉండదు. లేమాన్ ఆస్తుల్లో ఇళ్ల రుణాలు, వాణిజ్య భవనాలతో ముడిపడినవి చాలా ఉన్నాయి. వాటి ధరలు పడ్డాయి, అప్పిచ్చేవాళ్లు వెనక్కి తగ్గారు. 2008 సెప్టెంబరు 15న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది, దాన్నీ లేమానే చూపించింది. బ్యాలెన్స్ షీట్ ఒక్క రోజు తీసిన ఫొటో. ఆ రోజుకు కాస్త ముందు బాండ్లను తాకట్టు పెట్టి డబ్బు తెచ్చి, దాన్ని అమ్మకంగా పుస్తకాల్లో రాసి, ఆ డబ్బుతో వేరే అప్పులు తీర్చేవారు. కొద్ది రోజుల తర్వాత బాండ్లను మళ్లీ తెచ్చుకునేవారు. కంపెనీలో దీనికి రెపో 105 అని పేరు. కోర్టు నియమించిన పరిశీలకుడు ఆంటన్ వాలుకాస్ 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2007 చివరి త్రైమాసికానికి ఇలా పక్కకు తప్పించినవి 3,860 కోట్ల డాలర్లు. వాటిని తిరిగి కలిపితే లెవరేజ్ 32 దాటుతుంది. మనం గుణించే ముక్కల్లో ఒకటి ముందే చెక్కేసినదన్నమాట.

మన దేశంలో ఏదైనా కంపెనీ ఆర్‌ఓఈని ఇలా చూడాలంటే వార్షిక నివేదికలో నాలుగు అంకెలు చాలు: అమ్మకాలు, నికర లాభం, మొత్తం ఆస్తులు, ఈక్విటీ. ఒక ఏడాదితో ఆపకుండా అయిదేళ్లు వరుసగా రాసుకోవాలి. ఆర్‌ఓఈ నిలకడగా ఉండి, మార్జిన్, టర్నోవర్ జారుతూ, లెవరేజ్ ఎక్కుతుంటే లేమాన్ తరహాలో నడుస్తున్నట్టే. బ్యాంకులను బ్యాంకులతోనే పోల్చాలి. డిపాజిట్లు తీసుకోవడమే వాటి పని కాబట్టి పది రెట్లు వాటికి మామూలు. సిమెంటు కంపెనీకి కాదు. పెద్ద ఎత్తున షేర్ల బైబ్యాక్ చేసిన కంపెనీలో ఈక్విటీ కుంచించుకుపోతుంది. ఒక్క రూపాయి అప్పు చేయకపోయినా లెవరేజ్ పెరిగినట్టు కనబడుతుంది, ఆర్‌ఓఈ కూడా పెరుగుతుంది. లాభం పెరగలేదని గమనిస్తే చాలు.

ఇక ఆ ఒక్క రోజు ఫొటో సంగతి. లిస్టెడ్ కంపెనీలు ఆస్తి అప్పుల పట్టిక ఆరు నెలలకోసారి ఇస్తాయి, కానీ లాభనష్టాల లెక్క ప్రతి మూడు నెలలకూ వస్తుంది. అందులో ఫైనాన్స్ కాస్ట్స్ అనే పద్దు ఉంటుంది. నాలుగు త్రైమాసికాల వడ్డీ కలిపి, మార్చి 31న చూపించిన అప్పుతో భాగించండి. బ్యాంకులు తొమ్మిది శాతానికి అప్పిస్తున్న కాలంలో ఈ లెక్క పదహారో పద్దెనిమిదో చూపిస్తే, మొదట ఆ పద్దులో బ్యాంకు చార్జీలు, లీజు వడ్డీలు ఎంతున్నాయో నోట్స్‌లో చూసి తీసేయండి. అప్పటికీ తేడా అలాగే ఉంటే, ఏడాది పొడవునా ఉన్న అప్పు మార్చి 31న కనబడిన దానికన్నా చాలా ఎక్కువన్నమాట. అప్పుడు ఈక్విటీని అలాగే ఉంచి, ఆస్తులకు ఆ అదనపు అప్పును కలిపి మూడో ముక్కను మళ్లీ లెక్కగట్టుకోవాలి.