సర్టిఫికెట్ ఫొటో ఉంటే చాలదు.. వెతికితే దొరకాలి!

ఆఫర్ వచ్చింది. టెన్త్ మెమో, డిగ్రీ ప్రొవిజినల్ సాయంత్రంలోగా అప్‌లోడ్ చేయమని హెచ్‌ఆర్ మెయిల్. మెమో ఊళ్లో బీరువాలో, మీరేమో హాస్టల్లో. ఎప్పుడో నాన్న వాట్సాప్‌లో పంపిన ఫొటో `IMG-20240611-WA0032.jpg` అనే పేరుతో గ్యాలరీలో ఎక్కడో ఉంటుంది. దొరికినా జూమ్ చేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోల సైజు తగ్గించేస్తుంది మరి!

ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఓ గంట కేటాయించండి. మన మెమోలు చాలావరకు లామినేషన్ చేసినవే కాబట్టి అసలు చిక్కు మెరుపుతోనే. ఫ్లాష్ ఆపేసి, ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటిపూట కిటికీ పక్కన, ముదురు రంగు దుప్పటి మీద మెమో పెట్టండి. అంచులు స్పష్టంగా కనిపిస్తే యాప్ వాటిని సరిగ్గా పట్టుకుంటుంది. గూగుల్ డ్రైవ్ యాప్‌లో కింద కుడివైపున్న కెమెరా గుర్తు నొక్కి స్కాన్ చేస్తే పీడీఎఫ్ తయారవుతుంది. నలుపు-తెలుపు ఫిల్టర్ మాత్రం వద్దు. అక్షరాలు నీట్‌గా కనిపిస్తాయి కానీ లేత రంగు సీలు, సంతకం మాయమవుతాయి. వెనకవైపు ఏమైనా రాసి ఉంటే దాన్నీ అదే ఫైల్లో రెండో పేజీగా కలపండి.

ఫైలుకు `2019_SSC_Memo.pdf` లాంటి పేరు పెట్టండి. కాసేపయ్యాక డ్రైవ్‌లో మీ హాల్‌టికెట్ నంబర్ టైప్ చేసి వెతకండి. ఫైలు వస్తే, లోపలి అక్షరాలను యాప్ చదివిందన్నమాట. రాకపోతే ఆ నంబర్ దగ్గర వెలుతురు మెరిసిందేమో చూసి మళ్లీ స్కాన్ చేయండి. స్కాన్ బాగానే ఉన్నా ఒక్కోసారి సున్నాను 'ఓ' అక్షరంగా, 8ని 'బి'గా చదువుతుంది. అందుకే నంబర్‌ను ఫైలు పేరులోనూ చేర్చడం మంచిది. చేత్తో రాసిన టీసీ, తెలుగులో ఉన్న కుల ధ్రువీకరణ పత్రం విషయంలో ఈ చదువుడును అసలే నమ్మొద్దు. అక్కడ పేరే దిక్కు: `Caste_Certificate_Telugu.pdf`.

బిల్లుల సంగతి వేరు. వాటికి తొందర ఎక్కువ. షాపుల్లో ఇచ్చే నున్నటి థర్మల్ పేపర్ బిల్లు వేడికి, వెలుతురుకి వెలిసిపోతుంది. ప్లాస్టిక్ కవర్లో దాచినా అంతే. ల్యాప్‌టాప్ కొన్నరోజే బిల్లు స్కాన్ చేసి, పేరులో కొన్న తేదీ, సీరియల్ నంబర్ పెట్టేయండి. వారంటీకి వెళ్తే ముందు అడిగేవి అవే.

కొన్ని దరఖాస్తులు 200 కేబీ లోపు ఫైలే అడుగుతాయి. అప్పుడు అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా, కాపీ తీసుకుని దాని సైజు తగ్గించండి. ఒకసారి తగ్గిస్తే పోయిన స్పష్టత మళ్లీ రాదు. లింక్ పంపాల్సి వస్తే ఫోల్డర్ మొత్తానిది కాదు, ఆ ఒక్క ఫైలుదే పంపండి. మిగతా వాటికి `Restricted` అని ఉందో లేదో చూసుకోండి. ఇక జాయినింగ్ రోజు ఒరిజినల్స్ ఎలాగూ తీసుకెళ్లాలి. మనం తీసిన స్కాన్ వాటికి సమానం కాదు. డిజిలాకర్‌లో బోర్డు నేరుగా జారీ చేసిన మెమో అయితే చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమే. కానీ అందులో మీరే అప్‌లోడ్ చేసుకున్న స్కాన్‌కి ఆ హోదా ఉండదు.