మినస్క్యూల్‌లో దూరిన ‘ఐ’

ఇంగ్లిషులో ‘ఇసుమంత’ అని చెప్పడానికి వాడే మాటల్లో మినస్క్యూల్ ఒకటి. ఇందులో ‘ఎన్’ తర్వాత ‘యు’ రావాలి. కానీ ఆ చోట ‘ఐ’ వేసి ‘మినిస్క్యూల్’ అని రాసేవాళ్లు లెక్కలేనంత మంది. సంపాదకులు దిద్ది అచ్చువేసిన పత్రికల్లో, పుస్తకాల్లో కూడా ఆ రూపం దొర్లుతూనే ఉంటుంది. ఇప్పుడది అమెరికా నిఘంటువు మెరియమ్-వెబ్‌స్టర్‌లోకీ ఎక్కింది. చదువురాకో, నిర్లక్ష్యంవల్లో ఇంత దూరం వచ్చిందనుకుంటే పొరపాటే. ఈ తప్పుకు బలమైన కారణాలున్నాయి.

మినస్క్యూల్ మొదట్లో రాతప్రతులు చదివే పండితుల మాట. లాటిన్‌లో ‘మైనస్’ అంటే తక్కువ. దాని నుంచి ‘కాస్త చిన్నది’ అనే అర్థంలో పుట్టిన మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరింది. మన బళ్లలో ఏబీసీడీలు నేర్పేటప్పుడు పెద్దబడి, చిన్నబడి అంటాం కదా, ఆ చిన్నబడి అక్షరాలకే ఈ పేరు. ఎనిమిదో శతాబ్దం చివర, చార్లెమేన్ చక్రవర్తి కాలంలో, ఐరోపా మఠాల్లో ఒక స్పష్టమైన చిన్నబడి రాత స్థిరపడింది. దాన్ని కరోలింజియన్ మినస్క్యూల్ అంటారు. ఈనాటి ఇంగ్లిషు అచ్చులోని చిన్న అక్షరాల మూలాలు అందులోనే ఉన్నాయి.

‘అతి చిన్నది’ అనే మామూలు అర్థం పందొమ్మిదో శతాబ్దం చివర్లో గానీ ఇంగ్లిషులో వాడుకలోకి రాలేదు. ‘ఐ’తో రాసిన రూపం మొదలైందీ ఇంచుమించు అప్పుడే. పండితుల బల్ల మీద ఉన్నంతకాలం చెక్కుచెదరని స్పెల్లింగు, మాట జనం నోట్లో పడగానే కదిలిందన్నమాట.

మొదట కదిలింది ఉచ్చారణ. పూర్వం ‘మినస్’లోని ‘న’ దగ్గర ఊనిక ఉండేది కాబట్టి అక్కడి ‘యు’ చెవికి స్పష్టంగా తగిలేది. తర్వాత ఊనిక మొదటి అక్షరానికి జరిగింది. ఊనిక పోయిన అచ్చును ఇంగ్లిషువాళ్లు సగం మింగేస్తారు. అందుకే అక్కడున్నది ‘యు’నో ‘ఐ’యో విని పోల్చుకోవడం కుదరదు. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి ఈ చిక్కు మనకు కొత్తగా అనిపిస్తుంది. ఇంగ్లిషులో మాత్రం చెవి సాయం ఆగిపోతే చెయ్యి తెలిసిన మాటల వైపు పోతుంది. మినిమమ్, మినియేచర్, మినీబస్సు, మినీస్కర్ట్: చిన్నతనం చెప్పే మాటలన్నీ ‘మిని’తోనే మొదలవుతుంటే ఇదొక్కటి వేరేగా ఉంటుందని ఎవరికి తోస్తుంది?

విచిత్రమేమిటంటే, ఆ గుంపులోని మినియేచర్‌కు కూడా మొదట చిన్నతనంతో సంబంధం లేదు. ‘మినియమ్’ అంటే సిందూరం. రాతప్రతుల్లో ఎర్రరంగుతో చేసే అలంకరణ నుంచి ఆ మాట వచ్చింది. ఆ బొమ్మలు చిన్నవి కావడం, ‘మిని’ అన్న ధ్వని చిన్నదనిపించడం, రెండూ కలిసి దాని అర్థాన్నే మార్చేశాయి. మినిస్క్యూల్ అని రాసేవాళ్ల చేతిని నడిపించేదీ ఆ ధ్వనే.

మరి నిఘంటువు ఎప్పుడు తలుపు తీస్తుంది? నిఘంటుకారులు ఓట్లు లెక్కపెట్టరు, ఉదాహరణలు పోగుచేస్తారు. మాట కనిపించిన వాక్యం, దాని చోటు, తేదీ దాచుకుంటారు. ఒక రూపం ఎన్నేళ్లుగా, ఎంతమంది రచనల్లో, సంపాదకుల కన్ను దాటి అచ్చయిందో చూస్తారు. ‘ది’ అనే మాటను టైపు చేసేటప్పుడు ‘టి, ఇ, హెచ్’ అని అక్షరాలు తారుమారు కావడం రోజూ జరిగేదే. అయినా ఎంత తరచుగా దొర్లినా అది ‘ది’కి మరో స్పెల్లింగు కాలేదు. ఎందుకంటే రాసినవాళ్లకు చూపిస్తే వాళ్లే దిద్దుకుంటారు. మినిస్క్యూల్ రాసినవాళ్లు చూపించినా దిద్దుకోరు, అదే సరైనదని నమ్మి రాశారు మరి. వేలు జారిన తప్పుకూ, మనసులో స్థిరపడిన రూపానికీ తేడా ఇదే. నిఘంటుకారుడికి పని పడేది ఈ రెండోదానితోనే.

అయితే నిఘంటువులోకి ఎక్కినంత మాత్రాన ఒప్పయిపోదు. మెరియమ్-వెబ్‌స్టర్ దీన్ని మినస్క్యూల్‌కు మరో రూపంగా చూపిస్తూనే, చాలామంది ఇప్పటికీ దీన్ని తప్పుగానే చూస్తున్నారని పక్కనే రాసింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు ఇంకా గట్టిగా, ఇది తరచుగా జరిగే పొరపాటని చెబుతాయి. పదం ఉందా లేదా అని చూసి నిఘంటువు మూసేసేవాళ్లు ఈ షరాను చదవరు. అసలు తీర్పు ఉండేది అందులోనే.

ఇలాంటి తప్పు చివరిదాకా గెలిచిన సందర్భమూ ఉంది. ద్వీపాన్ని చెప్పే ‘ఐలండ్’ పాత స్పెల్లింగులో ‘ఎస్’ లేదు. అది అచ్చమైన పాత ఇంగ్లిషు మాట. లాటిన్ సంతతికి చెందిన ‘ఐల్’ అనే మరో మాటకు చుట్టమని పొరబడి, పలకని ఆ ‘ఎస్’ను తెచ్చిపెట్టారు. ఈనాడు ‘ఎస్’ తీసేసి రాస్తే మార్కులు పోతాయి. ఏ నిఘంటువూ దాన్ని తప్పని గుర్తుచేయదు.

మినిస్క్యూల్ అంతదాకా రాలేదు. రాతప్రతుల శాస్త్రంలో మినస్క్యూల్ చెక్కుచెదరకుండా ఉంది, అక్కడ ‘ఐ’కి చోటు లేదు. పరీక్షలోనో, ఉద్యోగ దరఖాస్తులోనో ఈ మాట రాయాల్సివస్తే ‘యు’ వేయడమే క్షేమం. పరిస్థితి మారిందో లేదో తెలుసుకోవాలనుకునేవాళ్లు నిఘంటువు కొత్త ముద్రణల్లో ఆ షరా కోసం వెతకాలి. అది మెత్తబడుతోందా, పూర్తిగా పోయిందా అన్నదే అసలు ఆనవాలు.