చేతకాని పనిని మర్యాదగా వదులుకునే మెయిల్

సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసే ఫ్రీలాన్స్ అనువాదకురాలు ఒకామె ఉందనుకుందాం. హైదరాబాద్‌లోని ఒక క్లినికల్ రీసెర్చ్ సంస్థ నుంచి ఆమెకు మెయిల్ వచ్చింది. కొత్త మందు పరీక్షలో పాల్గొనేవాళ్లు చదివి సంతకం చేయాల్సిన సమ్మతి పత్రాన్ని వారంలో తెలుగు చేసివ్వాలి. ఇంగ్లిషులో 14 పేజీలు. డబ్బులు కూడా బాగానే ఇస్తామన్నారు.

తెలుగు బాగా వచ్చినంత మాత్రాన ఈ పని చేతికి రాదు. మందు పరీక్షలపై మన దేశంలో 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఆ పత్రం పాల్గొనేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఎథిక్స్ కమిటీ దాన్ని చూసి ఆమోదించాలి. తెలుగు చేశాక, మూలం చూడని మరో అనువాదకుడి చేత దాన్ని తిరిగి ఇంగ్లిషు చేయించి రెండింటినీ పోల్చి చూడడం ఈ రంగంలో మామూలే. పరీక్ష జరుగుతుండగా మనిషికి వచ్చిన ఏ ఇబ్బందినైనా, దానికి కారణం మందు అయినా కాకపోయినా, ‘అడ్వర్స్ ఈవెంట్’ అంటారు. కొత్తవాళ్లు దాన్ని ‘దుష్ప్రభావం’ అని రాసేస్తారు. దాంతో తప్పంతా మందుదే అన్న అర్థం వస్తుంది. పత్రం వెనక్కి వస్తుంది, కమిటీ ముందుకు వెళ్లడం ఆలస్యమవుతుంది.

కాబట్టి ఆమె ఈ పని వద్దనడమే సరి. అయితే జవాబు రాయడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. వైద్య అనువాదాలు చేసే తోటి అనువాదకురాలికి ఫోన్ చేసి, ‘ఈ వారం ఖాళీగా ఉన్నావా? నీ నంబరు ఇవ్వనా?’ అని అడగాలి. అడగకుండా ఇచ్చేస్తే, ఆవిడకు తీరిక లేకపోతే క్లయింటు రెండోసారి ‘కుదరదు’ అనిపించుకోవాలి. అవతలి సంస్థ పేరు, మందు వివరాలు ఈ ఫోన్‌లో చెప్పకూడదు. ఎలాంటి పత్రమో, ఎన్ని పేజీలో, ఎప్పటికి కావాలో చెబితే చాలు.

ఆవిడ సరేనన్నాక, మెయిల్ వచ్చిన రోజే ఇలా జవాబివ్వొచ్చు:

“నమస్కారం మేడమ్. సమ్మతి పత్రం అనువాదానికి నన్ను అడిగినందుకు ధన్యవాదాలు. నేను చేసేది సబ్‌టైటిల్స్ పని. వైద్య పరిశోధన పత్రాలు చేసిన అనుభవం నాకు లేదు, అందుకే ఈ పని తీసుకోలేను. ఇలాంటి పత్రాలు చేసే అనువాదకురాలు ఒకరు నాకు తెలుసు. ఈ వారం ఖాళీగా ఉన్నానన్నారు. ఆవిడను అడిగే పేరు, ఫోన్ నంబరు కింద ఇస్తున్నాను. రేటు, గడువు మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోండి. మీ ఫైలు నేను ఎవరికీ పంపలేదు, నా దగ్గరున్న కాపీ తీసేశాను. వీడియోలకు సబ్‌టైటిల్స్ అవసరమైతే తప్పకుండా చెప్పండి.”

ఇందులో ముఖ్యమైన మాట ‘తీసుకోలేను’. మొహమాటం కొద్దీ చాలామంది ‘ఈ వారం కాస్త బిజీ’ అని రాస్తారు. క్లయింటుకు అది కాదన్నట్టు వినిపించదు. ‘పోనీ, వచ్చే వారం ఇవ్వండి’ అంటారు. అప్పుడు ఇంకో సాకు వెతకాలి, ఈలోగా అవతలివాళ్ల గడువు కరిగిపోతుంది. అసలు కారణం ఒక్క వాక్యంలో చెబితే ఆ చిక్కు ఉండదు. అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు.

సిఫారసు విషయంలోనూ తెలిసినంతే చెప్పాలి. స్నేహితురాలి పని స్వయంగా చూసి ఉంటే ఆ మాట రాయాలి, లేకపోతే ‘ఈ రంగంలో పనిచేస్తున్నారు’ అని ఊరుకోవాలి. ‘కళ్లు మూసుకుని ఇచ్చేయండి’ అని రాస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ఫోన్ మనకే వస్తుంది. ఆవిడ రేటు మనం చెప్పకూడదు. తక్కువ చెబితే ఆవిడకు నష్టం, ఎక్కువ చెబితే బేరమే పోతుంది. పని కుదిరితే ఆవిడ మనకు కమిషన్ ఇచ్చే ఏర్పాటుంటే, ఆ సంగతి క్లయింటుకు ముందే తెలియాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు, సాయం చేస్తున్నామనుకుని ఫైలును స్నేహితురాలికి ఫార్వర్డ్ చేయడం. ఇలాంటి సంస్థలు చాలావరకు గోప్యతా ఒప్పందంపై సంతకం తీసుకున్నాకే పత్రాలు చూపిస్తాయి. సంతకం చేయకపోయినా ఆ పత్రం సంస్థదే, ఎవరికి చూపించాలో నిర్ణయించేది వాళ్లే.

సరైన మనిషి ఎవరూ తెలియకపోతే పేరు కోసం తడుముకోనక్కర్లేదు. ‘ఈ రంగంలో నాకు తెలిసినవారు లేరు. వైద్య పత్రాలు చేసి, బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అలవాటున్న వాళ్లను వెతకండి’ అని రాసినా చాలు. వచ్చే అనువాదకుణ్ణి ఏం అడగాలో ఆ క్లయింటుకు అప్పుడు తెలుస్తుంది.