సంచి మీద ఒక కొమ్ము తప్పు

మహిళా సంఘపోళ్లు కుట్టిన బట్ట సంచి. మీద ఎర్ర దారంతోని ‘ములుగు’ అని ఉండాలె, ‘ములగు’ అని పడ్డది. సంచులైతే విప్పి మళ్ల సక్కగ కుట్టిండ్రు. మంచిగొచ్చిన ఫొటో మాత్రం పాతదే, పొద్దుగాల కార్డు ప్రింటుకు పోవాలె. సంచి సరిగ్గ ఉన్నది కాబట్టి ఫొటో దిద్దుడు తప్పు కాదు. సంచి అట్లనే ఉంచి ఫొటో ఒక్కటే మారిస్తే అది కొనేటోళ్లను మోసం చేసుడే.

చానమంది ఏం చేస్తరంటే, ఫాంటు తీసుకొని ఎర్ర రంగుల అక్షరం టైపు చేసి అతికిస్తరు. స్టిక్కరు లెక్క కనపడ్తది. ఎందుకంటే కుట్టుల రంగు ఒక్కటి ఉండదు. దారం గీతకు అడ్డంగ పోతది, వంపు కాడ దారం గూడ తిరుగుతది. మెరిసే దారమాయె, తిరిగిన కాడల్లా వెలుగు మారుతది. పట్టుచీరను అటిటు వంచి సూడుండ్రి, సమజైతది. అందుకే కావాల్సిన దారాన్ని ఆ ఫొటోలనే ఎతకాలె. మన అదృష్టం, ‘గు’కు కొమ్ము ఉండనే ఉన్నది, అదే దిక్కు తిరిగి.

జింప్ ఫ్రీగ దొరుకుతది. వాట్సాప్‌ల వచ్చిన ఫొటో వద్దు, అండ్ల దారాలు అలికిపోతయి, ఫోన్ల ఉన్న అసలుదే తీసుకోండ్రి. కొమ్ముకు జాగ కావాలె గనుక ముందుగాల ‘గు’ను వేరే లేయరుల పెట్టాలె. కింద మిగిలిన పాత ‘గు’ను `Clone` తోని బట్టతోనే కప్పాలె. పడుగు పేకల గీతలు ఒకదానికొకటి కలిసేటట్టు పెట్టకపోతే అతుకు ఇట్టే దొరుకుతది. ఆ తర్వాత ‘గు’ను కుడికి జరిపి, దాని కొమ్మును కాపీ చేసి ‘ల’ పక్కన పెట్టాలె. అంచున ఉన్న సన్నటి నీడను గూడ కలిపి కాపీ చెయ్యాలె, కుట్టు బట్ట మీద ఉబ్బెత్తుగ ఉన్నట్టు చూపెట్టేది ఆ నీడనే. అద్దంల లెక్క తిప్పితే నీడ అవతలి పక్కకు పోతది. చిన్నగ చేస్తే దారాలు సన్నబడ్తయి, పక్క అక్షరంతోని పోలిస్తే తెలిసిపోతది.

ఇగ అసలు కష్టం మడత. ‘ల’ కాడ సంచి లోపలికి ముడుచుకొని చీకటిగ ఉన్నది, మనం తెచ్చిన కొమ్మేమో వెలుతుర్లకెల్లి వచ్చింది. ఆ లేయరు ఒక్కదాని మీదనే `Colors > Curves` తీసి, మెరుపును జర కిందికి గుంజాలె. దారాల మధ్య నలుపు మాత్రం ‘ల’ల ఎంతున్నదో అంతే ఉండాలె. అంతా ఒక్కతీరు నల్లగ చేస్తే దారాలు కలిసిపోయి పెయింటు పూసినట్టయితది. మడత ఒక దిక్కే ఉంటే ఇంకో లేయరు `Multiply`ల పెట్టి, మెత్తటి బ్రష్షుతోని ఆ దిక్కే పలుచగ నీడ వెయ్యాలె. ‘ల’కు కొమ్ము కలిసే కాడ మాత్రం కాపీతోని పని కాదు. అక్కడ చిన్న బ్రష్షుతోని, దారం పోయిన దిక్కే `Clone` చెయ్యాలె.

అయినంక మొత్తం ఫొటోను అడ్డంగ తిప్పి సూడుండ్రి. పేరు చదవరాదు గనుక కన్ను అక్షరం మీదికి పోదు, అతుకు మీదికి పోతది.