‘అన్‌లిమిటెడ్’ హోస్టింగ్.. ఖాళీ ఉన్నా సైట్ ఎందుకు ఆగిపోతుంది?

గుంటూరులో ఒక కుటుంబం నడిపే చీరలు, డ్రెస్ మెటీరియల్ దుకాణం ఉందనుకుందాం. రంజాన్ సీజన్ కోసం ‘అన్‌లిమిటెడ్ స్టోరేజ్, అన్‌లిమిటెడ్ ఈమెయిల్’ అని రాసి ఉన్న ప్లాన్ తీసుకుని వెబ్‌సైట్ పెట్టారు. రెండేళ్లు బాగానే నడిచింది. సరిగ్గా పండగ ముందు కొత్త ఫొటోలు అప్‌లోడ్ కావడం మానేశాయి. కస్టమర్లు పంపిన మెయిల్స్ తిరిగి వాళ్లకే వెళ్లిపోతున్నాయి. స్క్రీన్ మీద కనిపించింది ఒకటే మాట: Disk quota exceeded. లెక్క చూస్తే సైట్ వాడుకున్నది 16 జీబీ మాత్రమే. మరి అన్‌లిమిటెడ్ ఏమైంది?

హోటల్ బోర్డు మీద ‘అన్‌లిమిటెడ్ బిర్యానీ’ అని ఉంటుంది. ఎంత తిన్నా సరే, కానీ పార్సిల్ కట్టరు, ఒక ప్లేటు ఇద్దరు పంచుకోకూడదు. హోస్టింగ్ కూడా అంతే. చౌక ప్లాన్లలో ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకుంటాయి. అందుకే జీబీలకు హద్దు చెప్పకపోయినా, ఫైళ్ల సంఖ్యకు హద్దు పెడతారు. దీన్ని ‘ఐనోడ్’ లిమిట్ అంటారు. ఇది ప్రకటనలో ఉండదు, షరతుల పేజీలో ఉంటుంది. 10 ఎంబీ ఫొటో అయినా, ఒక లైను మెయిల్ అయినా లెక్కలో ఒక్కటే. ఫోల్డర్ కూడా ఒకటి కిందే లెక్క.

ఫైళ్లు ఎక్కడ పెరిగాయి?

ఈ దుకాణం ప్లాన్‌లో హద్దు 2,00,000 ఫైళ్లు అనుకుందాం. సైట్‌లో 800 ఐటమ్స్ ఉన్నాయి, ఒక్కోదానికి 4 ఫొటోలు. అంటే 3,200 ఫొటోలు. కానీ వర్డ్‌ప్రెస్ ఒక్క ఫొటోను ఒక్క ఫైలుగా ఉంచదు. ఫోన్‌తో తీసిన పెద్ద ఫొటో పెడితే, ఒరిజినల్‌తో పాటు కొంచెం తగ్గించిన కాపీ ఒకటి, వేర్వేరు సైజుల్లో మరో 6 తయారు చేస్తుంది. అమ్మకాల కోసం వూకామర్స్ ఉంటే ఇంకో 3. మొత్తం 11. అలా 3,200 ఫొటోలు 35,200 ఫైళ్లయ్యాయి. వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లు కలిపి సుమారు 15,000.

అసలు భారం మెయిల్ దగ్గర ఉంది. ‘ఎన్ని అకౌంట్లయినా ఫ్రీ’ అన్నారు కదా అని అబ్బాజాన్‌కు ఒకటి, అన్నదమ్ములకు, ఆర్డర్లకు, బిల్లులకు కలిపి 5 అకౌంట్లు తెరిచారు. ఇలాంటి సర్వర్లలో సాధారణంగా ప్రతి మెయిల్ ఒక విడి ఫైలు. స్పామ్‌తో కలిపి ఒక్కో అకౌంట్‌కు రోజుకు 40 వచ్చినా, 5 అకౌంట్లకు ఏడాదికి 73,000 అవుతాయి. ఎవరూ డిలీట్ చేయకపోతే రెండేళ్లకు 1,46,000. అన్నీ కలిపితే 1,96,200. పండగ ఆర్డర్లు మొదలవగానే మిగిలిన కొద్దిపాటి జాగా కూడా నిండిపోయింది.

ఎలా తెలుసుకోవాలి?

చాలా ప్లాన్లతో వచ్చే సీప్యానెల్‌లో లాగిన్ అయితే పక్కన Statistics భాగం ఉంటుంది. అక్కడ Disk Usage ఒక్కటే చూసి ఊరుకోకూడదు, File Usage కూడా చూడాలి. ఆ రెండో వరుస కొన్ని ప్లాన్లలో Inodes పేరుతో ఉంటుంది. టెర్మినల్ ఇచ్చిన ప్లాన్ అయితే ఏ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో ఇలా తేలుతుంది:

```
cd ~
du --inodes -d 1 | sort -n
```

చివర్లో పెద్ద అంకెతో `mail` కనిపిస్తే మెయిల్స్ పెరిగినట్టు, `public_html` కనిపిస్తే సైట్ ఫైళ్లు పెరిగినట్టు.

ఈ దుకాణానికి తక్షణ మార్గం పాత మెయిల్స్ తీయడం. సీప్యానెల్‌లో Email Disk Usage అనే చోట ఏడాది దాటిన మెయిల్స్‌ను ఒకేసారి తొలగించవచ్చు. అయితే సర్వర్‌లో పోతే ఫోన్‌లో కూడా పోవచ్చు. కాబట్టి బిల్లులు, ఆర్డర్ల మెయిల్స్ ముందే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి. ఏడాది పాతవి పోతేనే దాదాపు 73,000 ఫైళ్లు తగ్గుతాయి. ఇకపై ఫొటోలను పెద్ద వైపు 1200 పిక్సెల్స్‌కు తగ్గించి పెడితే, ఒక్కోదానికి 11 బదులు 8 ఫైళ్లే అవుతాయి.

కొనే ముందు అడగాల్సినవి

అన్‌లిమిటెడ్ అన్న మాట విన్నాక అమ్మేవాళ్లను మూడు విషయాలు అడగాలి. ఫైళ్ల హద్దు ఎంత? గంటకు ఎన్ని మెయిల్స్ పంపనిస్తారు? హద్దు దాటితే ఏం చేస్తారు, బ్యాకప్ ఆపేస్తారా, సైటే ఆపేస్తారా? జవాబు అంకెల్లో, రాతపూర్వకంగా తీసుకోవాలి. 20 జీబీ అని హద్దు సూటిగా చెప్పి, మెయిల్‌కు విడిగా చోటు ఇచ్చే ప్లాన్ చిన్న దుకాణానికి చాలాసార్లు అన్‌లిమిటెడ్ కన్నా ఎక్కువ కాలం పనికొస్తుంది.